గుమ్మం దగ్గరి ఫొటోకు క్యాప్షన్ రాసే ముందు జాగ్రత్తలు

ఏళ్ల తర్వాత విదేశం నుంచి వచ్చి, అమ్మానాన్నలతో గుమ్మంలో దిగిన ఫొటో పెట్టే ముందు ఇవి చూసుకోండి.

మొదట అమ్మను అడగండి. దిష్టి తీసే హడావిడిలో ఆమె ఇంట్లో కట్టుకునే చీరతో, చెదిరిన జుట్టుతో ఉండి ఉండవచ్చు. వద్దంటే వద్దు, బతిమాలకండి.

ఫొటోను పెద్దది చేసి అంచులు పరిశీలించండి. ఇంటి నంబరు, నాన్న పేరున్న బోర్డు, సూట్‌కేసుకు వేలాడే ట్యాగు కనిపిస్తే కత్తిరించండి. బోర్డింగ్ పాసు సరదాకైనా చేర్చవద్దు. దాని మీది పీఎన్‌ఆర్, ఇంటిపేరు తెలిస్తే చాలా విమాన సంస్థల వెబ్‌సైట్లలో మీ తిరుగు టికెట్ వివరాలు తెరుచుకుంటాయి.

అసలు చిక్కు క్యాప్షన్‌లోనే. “ఆరేళ్లకు డాలస్ నుంచి తెనాలి. ఇద్దరే ఉంటున్న అమ్మానాన్నల దగ్గర జనవరి 20 వరకు” అని రాశారనుకోండి. 21 నుంచి ఆ ఇంట్లో వృద్ధులు ఒంటరిగా ఉంటారని చాటింపు వేసినట్టే. “మీ అబ్బాయిని విమానాశ్రయంలో పట్టుకున్నాం, డబ్బు పంపండి” అని ఫోనులో బెదిరించే మోసగాళ్లకు రోజు కూడా మీరే చెప్పారు. ఊరు, తేదీ, ‘ఇద్దరే’ అన్న మాట తీసేయండి:

“ఆరేళ్లకు ఇల్లు. గడియ తీయడానికి నాన్నకు ఇప్పుడు రెండు చేతులూ కావాలి.”

నాకు రెండో వాక్యమే ఇష్టం. అయినా నాన్నకు చదివి వినిపించాకే ఉంచండి. తన చేతి వణుకు నలుగురికీ తెలియడం ఆయనకు నచ్చకపోతే మొదటి వాక్యం చాలు.