కొండ ఎక్కే ముందు మీ ‘గ్యాస్ నొప్పి’ని ఒకసారి అనుమానించండి

నడక మొదలుపెట్టబోతున్నారా? మెట్లూ ఎత్తులూ ఉన్న ప్రయాణానికి సామాను సర్దుతున్నారా? అప్పుడప్పుడూ ఛాతీలో ఏదో అయి, "గ్యాసేలే" అని వదిలేసే అలవాటు మీకుంటే, బయలుదేరే ముందే దాని సంగతి తేల్చుకోవాలి.

మామూలు గుండెల్లో మంటను పోల్చుకోవడం పెద్ద కష్టం కాదు. రొమ్ము ఎముక వెనక మండుతూ గొంతు వైపు పాకుతుంది. పుల్లటి నీళ్లు నోట్లోకి వస్తాయి. కడుపు నిండా తిని పడుకున్నా, ముందుకు వంగినా పెరుగుతుంది, కూర్చుంటే కాస్త నయమనిపిస్తుంది. ఒక్కోసారి గంటల తరబడి సతాయిస్తుంది. గుండెకు రక్తం చాలక వచ్చే నొప్పి తీరు వేరు. దాన్ని చాలామంది అసలు నొప్పి అనరు, "బరువుగా ఉంది", "పట్టేసినట్టుంది" అంటారు. చూపించమంటే వేలితో ఒకచోట పొడిచి చూపకుండా అరచేయో పిడికిలో ఛాతీ మీద పెడతారు. నడిస్తే వస్తుంది, ఆగితే కొద్ది నిమిషాల్లో పోతుంది. ఎడమ చేతికో, దవడకో, వీపుకో పాకవచ్చు.

చిక్కల్లా ఈ రెండూ కలిసిపోయినట్టు కనిపించే చోటే. యాభై ఆరేళ్ల ఒకాయన్ని ఊహించుకోండి. రాత్రి బాగా భోంచేసి నడకకు వెళ్తాడు. పది నిమిషాలకు ఛాతీ బిగుస్తుంది. ఇంటికొచ్చి, యాంటాసిడ్ తాగి, కుర్చీలో కూర్చుంటాడు. ఐదు నిమిషాల్లో తగ్గిపోతుంది. తిన్నాకే వచ్చింది, మందుకు తగ్గింది, కాబట్టి గ్యాసే అని ఆయన లెక్క. ఇంట్లోవాళ్లకూ అదే నమ్మకం.

ఆ లెక్కలో ఆయన వదిలేసింది కూర్చోవడాన్ని. యాంటాసిడ్ పనిచేయడానికి పట్టే సమయమూ, విశ్రాంతితో గుండె నొప్పి తగ్గడానికి పట్టే సమయమూ దాదాపు ఒకటే. అందుకే మందుకు తగ్గిందన్న ఒక్క కారణంతో గుండెజబ్బు లేదనుకోకూడదు. పైగా భోజనం తర్వాత పేగులకు రక్తం ఎక్కువ కావాలి, దాంతో గుండెకు పని పెరుగుతుంది. గుండె రక్తనాళం సన్నబడి ఉంటే, ఖాళీ కడుపుతో ఇబ్బంది లేకుండా నడిచే దూరం కూడా తిన్నాక నడవలేరు. చలిగాలి, ఎత్తు, చేతిలో సంచి తోడైతే మరీ త్వరగా వస్తుంది.

ఆయన్ని అడగాల్సిన ప్రశ్నలు రెండే. తిని కదలకుండా కూర్చున్న రోజు వచ్చిందా? తినకపోయినా, పొద్దున్నే బరువు మోస్తూ మెట్లెక్కితే వచ్చిందా? మొదటిదానికి లేదని, రెండోదానికి అవునని చెబితే నొప్పికి కారణం శ్రమ. అప్పుడు గుండె డాక్టర్ దగ్గరికి వెళ్లేదాకా నడకా ప్రయాణమూ ఆపాలి. "చూద్దాం వస్తుందో రాదో" అని కావాలని మెట్లెక్కి పరీక్షించుకోవద్దు, జరిగిపోయిన రోజుల్ని గుర్తుచేసుకుంటే చాలు. కడుపు నిండా ఉండగా పరుగెత్తితే ఆమ్లం పైకి తన్ని మంట రావడమూ ఉంది. కాబట్టి ఇది అనుమానించడానికి పనికొచ్చే ఆధారమే, తేల్చేది పరీక్షలే.

డాక్టర్‌తో "గ్యాస్ పట్టింది" అని చెప్పకండి. ఏం చేస్తుంటే వచ్చింది, ఎంతసేపుంది, దేనికి తగ్గిందో చెప్పండి. నొప్పి లేనప్పుడు తీసిన ఈసీజీ బాగానే ఉందని ఊరట పడి వచ్చేయవద్దు. విశ్రాంతిలో గుండెకు రక్తం సరిపోతుంటే అందులో ఏమీ కనిపించకపోవచ్చు. నడిపిస్తూ గుండెను చూసే ట్రెడ్‌మిల్ పరీక్షో, గుండె రక్తనాళాలను స్కాన్‌లో చూసే సీటీ యాంజియోగ్రామో అవసరమా అని అడగండి.

షుగర్ ఉన్నవాళ్లు, వయసు పైబడినవాళ్లు, ఆడవాళ్లు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. వీళ్లలో గుండె ఇబ్బంది ఆయాసంగానో, వికారంగానో, పొట్ట పైభాగంలో మంటగానో రావచ్చు. గుండె కింది గోడకు రక్తం ఆగినా అచ్చం అజీర్ణంలాగే ఉండవచ్చు.

ఛాతీ పట్టేస్తే వెంటనే కూర్చుని టైమ్ చూసుకోండి. ఐదు నిమిషాల్లో తగ్గకపోయినా, చల్లటి చెమట, ఆయాసం, కళ్లు తిరగడం ఉన్నా, కదలకుండా ఉన్నప్పుడే వచ్చినా అంబులెన్స్ పిలవండి. యాంటాసిడ్ తాగి ఎదురుచూడొద్దు, బండి నడుపుకుంటూ ఆస్పత్రికి పోవద్దు. ఆస్పిరిన్ పడనివాళ్లు, రక్తస్రావం సమస్య ఉన్నవాళ్లు కాకపోతే 300 మిల్లీగ్రాముల మాత్రను నమిలి మింగమని అంబులెన్స్‌వాళ్లు చెప్పవచ్చు. గుండె నొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్ర మాత్రం పక్కవాళ్ల దగ్గర తీసుకుని వేసుకోకండి. బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు, అంగస్తంభన సమస్యకు వాడే సిల్డెనాఫిల్ లాంటి మందు వేసుకుని ఉంటే మరీ ప్రమాదం.