బ్రిటన్‌లో రౌండబౌట్ ఎలా దాటాలి? కొత్తగా నేర్చుకునేవారికి

ఇండియా లైసెన్స్‌తో బ్రిటన్‌లో స్థిరపడినవాళ్లు మొదటి 12 నెలలు కారు నడపవచ్చు. ఆ తర్వాత అక్కడి టెస్ట్ పాసవ్వాల్సిందే. మనలాగే వాళ్లూ రోడ్డుకు ఎడమవైపే నడుపుతారు కాబట్టి స్టీరింగ్ దగ్గర పెద్ద తేడా అనిపించదు. టెన్షన్ పెట్టేది రౌండబౌట్. మన ఊళ్లలో సర్కిల్ దగ్గర ఎవరు ముందు దూరితే దారి వాళ్లదే. అక్కడ అలా కుదరదు. బోర్డు గానీ, సిగ్నల్ లైటు గానీ, రోడ్డు మీది గీతలు గానీ వేరేగా చెప్పకపోతే, కుడివైపు నుంచి వచ్చే బండికి దారి ఇచ్చాకే లోపలికి వెళ్లాలి.

ఈ రూల్ బ్రిటన్‌లోనూ మొదటి నుంచీ లేదు, 1966లో వచ్చింది. అంతకుముందు రద్దీ పెరిగితే రౌండబౌట్లు బిగుసుకుపోయేవి. లోపలికి వచ్చే బండ్లు తోసుకొస్తే, తిరుగుతున్న బండ్లు తమ ఎగ్జిట్ దాకా చేరలేవు. ఎవరూ బయటకు పోకపోతే కొత్తగా వచ్చేవాళ్లకు చోటెక్కడిది? లోపల తిరుగుతున్నవాళ్లకు దారి వదిలితే చాలు, వలయం తనంతట తానే ఖాళీ అవుతూ ఉంటుంది.

ఇప్పుడు ఒక మామూలు రౌండబౌట్ తీసుకుందాం. నాలుగు రోడ్లు, మీరు దక్షిణం నుంచి వస్తున్నారు. బండ్లన్నీ గడియారం ముల్లు తిరిగే దిక్కులోనే తిరుగుతాయి. కాబట్టి మీకు పడమర రోడ్డు మొదటి ఎగ్జిట్, ఉత్తరం రెండోది, తూర్పు మూడోది.

1. దూరం నుంచే లేన్ ఎంచుకోండి

రౌండబౌట్‌కు ముందు పెద్ద బోర్డు ఉంటుంది. వలయం బొమ్మ, దాని నుంచి చీలే రోడ్లు, వాటి పేర్లు అందులో కనిపిస్తాయి. మీరు వస్తున్న రోడ్డు బొమ్మలో కింద ఉంటుంది. మీ ఎగ్జిట్ ఎన్నోదో అక్కడే లెక్కపెట్టుకోండి.

ఎడమకు, అంటే మొదటి ఎగ్జిట్‌కు, వెళ్లాలంటే ఎడమ లేన్‌లో ఎడమ ఇండికేటర్ వేసి రండి. నేరుగా వెళ్లాలంటే మామూలుగా ఎడమ లేనే, ఇండికేటర్ అక్కర్లేదు. కుడికి వెళ్లాలన్నా, చుట్టూ తిరిగి వచ్చిన రోడ్డుకే రావాలన్నా కుడి లేన్, కుడి ఇండికేటర్. ఏ మార్పుకైనా ముందు అద్దాలు చూడాలి, ఆ తర్వాతే ఇండికేటర్, చివర్లో స్టీరింగ్.

గడియారంలో 12 దాటిన ఎగ్జిట్ అయితే కుడి లేన్ అని ఇన్‌స్ట్రక్టర్లు ఒక చిట్కా చెబుతారు. పనికొచ్చేదే, కానీ గుడ్డిగా నమ్మకండి. రోడ్డు మీద వేసిన బాణాలదే పైచేయి. ఎడమ లేన్‌లో ఎడమకు మాత్రమే బాణం ఉంటే, నేరుగా వెళ్లేవాళ్లు పక్క లేన్‌లోకి మారాలి. ముందు కార్లు ఆగి ఉంటే ఆ బాణాలు వాటి కింద దాక్కుంటాయి, అందుకే కాస్త వెనక నుంచే చూసుకోవాలి.

2. గీత దగ్గర: ఆగాలా, వెళ్లాలా?

వలయం అంచున తెగిన తెల్ల గీత ఉంటుంది. దాన్ని చేరేలోపే వేగం తగ్గించి, గేర్ మార్చి, కుడివైపు చూడటం మొదలుపెట్టాలి. మామూలు రౌండబౌట్‌కు రెండో గేర్ సరిపోతుంది. దారి ఖాళీగా ఉంటే ఆగాల్సిన పనే లేదు. ఖాళీగా ఉన్నా పదేపదే ఆగి చూస్తూ కూర్చుంటే టెస్ట్‌లో అదీ తప్పుగానే రాస్తారు.

గ్యాప్ కనిపెట్టడమే కొత్తవాళ్లకు అసలు పరీక్ష. కుడివైపు బండ్లన్నీ మీ ముందు నుంచి పోవు. తూర్పు నుంచి వచ్చినవాడు మీ రోడ్డులోకే తిరగవచ్చు. అతని ఎడమ ఇండికేటర్ ఒక్కటే చూసి బయల్దేరకండి, వేసి మర్చిపోయినవాళ్లూ ఉంటారు. బండి నెమ్మదించిందా, ముందు చక్రాలు మీ రోడ్డు వైపు తిరిగాయా అని చూడండి.

ఇంకో సంగతి. పడమర నుంచి వచ్చి మీ రోడ్డులోకి దిగే కారు ఉత్తరం దాటి, తూర్పు రోడ్డు ముందు నుంచే రావాలి. అది అలా వస్తున్నంతసేపూ తూర్పున ఉన్నవాళ్లు దానికోసం ఆగి ఉంటారు. అది మీ రోడ్డులోకి తిరిగే ఆ క్షణంలో మీ ముందు ఖాళీ ఏర్పడుతుంది. రద్దీ వేళ చాలామందికి దొరికే గ్యాప్ ఇదే. అందుకే అప్పటికే మొదటి గేర్‌లో సిద్ధంగా ఉండాలి.

బయల్దేరే ముందు ఒక్కసారి ఎదురుగా చూడండి. కుడివైపే చూస్తూ, ముందు కారు వెళ్లిపోయిందనుకుని కదిలి దాన్ని వెనక నుంచి గుద్దేవాళ్లున్నారు. ముందువాడు బయల్దేరినట్టే కదిలి మళ్లీ ఆగవచ్చు.

3. లోపల: ఎడమ ఇండికేటర్ ఎప్పుడు?

తూర్పుకు, అంటే మూడో ఎగ్జిట్‌కు, వెళ్లాలనుకుందాం. కుడి లేన్‌లో, కుడి ఇండికేటర్‌తో వచ్చారు. లోపలికి వెళ్లాక మధ్య దిమ్మెకు దగ్గరగా, మీ లేన్‌లోనే ఉండండి. పడమర ఎగ్జిట్ దాటింది, ఇండికేటర్ ఇంకా కుడికే. ఉత్తరం ఎగ్జిట్ కూడా దాటగానే ఎడమ అద్దం చూసి, ఎడమ ఇండికేటర్ వేసి, ఎడమ భుజం మీదుగా ఒక చూపు చూసి, పక్కన ఎవరూ లేకపోతే తూర్పు రోడ్డులోకి దిగండి.

మీకు కావాల్సిన ఎగ్జిట్‌కు ముందుదాన్ని దాటాకే ఎడమ ఇండికేటర్ వేయాలి. ఉత్తరం ఎగ్జిట్ రాకముందే వేశారనుకోండి, అక్కడ ఆగి ఉన్నవాడు మీరు తన రోడ్డులోకి దిగుతున్నారనుకుని మీ ముందుకు వచ్చేస్తాడు. ఆలస్యంగా వేస్తే తప్పు వేరే రకంగా ఉంటుంది, గ్యాప్ కోసం చూసేవాడికి మీరు దిగుతున్నట్టు తెలియక ఊరికే ఆగిపోతాడు. నేరుగా వెళ్లేవాళ్లు ఇండికేటర్ లేకుండా వస్తారు కాబట్టి, పడమర ఎగ్జిట్ దాటాక వేయడం మర్చిపోతుంటారు.

సైకిళ్లకు వలయంలో దారి వదలాలి. అవి ఎడమ అంచునే ఉండి చుట్టూ తిరిగి దూరపు ఎగ్జిట్‌కూ వెళ్లవచ్చు. పొడవాటి లారీలు మలుపులో రెండు లేన్లూ ఆక్రమిస్తాయి, వాటి పక్కకు చేరకుండా వెనకే ఉండండి.

ఎగ్జిట్ తప్పిపోతే?

లోపల ఆగకండి, లేన్లు అడ్డంగా కోసుకుంటూ దూకకండి. మీ లేన్‌లోనే ఇంకో చుట్టు తిరిగి రండి. ఆ లేన్ ఇంకో రోడ్డులోకే తీసుకుపోతే ఆ రోడ్డులోకే వెళ్లి, ముందెక్కడో వెనక్కి తిరగండి. దారి తప్పినందుకు ఎగ్జామినర్ మార్కు తీయరు. గాభరాపడి పక్క కారును చూడకుండా లేన్ మారితే మాత్రం అది సీరియస్ తప్పు, అలాంటిది ఒక్కటి చాలు ఫెయిల్ అవ్వడానికి.

మినీ రౌండబౌట్

ఇళ్ల మధ్య వీధుల్లో మధ్య దిమ్మెకు బదులు తెల్ల రంగు గుండ్రం ఒకటి ఉంటుంది. రూల్ అదే, కుడివైపు బండికి ముందు దారి. ఆ గుండ్రం మీదుగా పోకూడదు, చుట్టే తిరగాలి. చుట్టూ తిరగలేనంత పెద్ద వాహనాలకే మినహాయింపు. చోటు తక్కువ కాబట్టి దిగేటప్పుడు ఎడమ ఇండికేటర్ వేసే సమయం చాలాసార్లు దొరకదు, దానికోసం స్టీరింగ్ వదిలేయకండి. దాని చుట్టూ తిరిగి వెనక్కి వెళ్లాలనే ఆలోచన మానుకోండి, ఎదుటివాళ్లు అది ఊహించరు.

అమెరికాలో నడిపేవాళ్లకు ఇదంతా అద్దంలో బొమ్మలా తారుమారవుతుంది. అక్కడ బండ్లు గడియారానికి ఎదురు దిక్కులో తిరుగుతాయి, దారి ఇవ్వాల్సింది ఎడమవైపు నుంచి వచ్చేవాళ్లకు, దిగేటప్పుడు వేయాల్సింది కుడి ఇండికేటర్.