వ్యాపార ఆలోచన కావాలా? ఆకుకూరల వరుసలో నిలబడండి

రైతుబజారంతా తిరగకండి. ఆకుకూరల దగ్గర పొద్దుటి నుంచి మూసేదాకా ఉండండి. కట్టలపై తడి గోనెపట్టా కప్పి నీళ్లు చల్లుతుంటారు చూడండి, ఆకులు వాడిపోయే సమస్యకు అమ్మేవాళ్లు వేసుకున్న అతుకు అదే. ఎన్నిసార్లు చల్లారు, ఎప్పుడు ధర తగ్గించారు, ఎన్ని కట్టలు పారేశారు అన్నది గంటగంటకూ రాసుకోండి.

30 కట్టలు పోయాయనుకుందాం. పొద్దుటి 10 రూపాయలతో లెక్కేస్తే నష్టం 300 అనిపిస్తుంది. కానీ కాపాడినా మర్నాడు పలికేది 5 అయితే మిగిలేది 150. కట్టలు వాడకుండా ఉంచే చల్లపెట్టెను మీరు అద్దెకిద్దామనుకుంటే, దాని రోజు అద్దె అంతకన్నా బాగా తక్కువుంటేనే వాళ్లు తీసుకుంటారు. ఆదివారం ఒక్కటే చూస్తే లెక్క తప్పుతుంది, ఆ రోజు రద్దీ వేరు.

“ఇలాంటిదిస్తే కొంటారా?” అని అడక్కండి, మొహమాటానికి ఔనంటారు. బేరం లేని వేళ చూసి “నిన్న మిగిలినవి ఏం చేశావమ్మా?” అనండి.