స్లాక్‌లో పాత మెసేజ్‌ల ఎక్స్‌పోర్ట్: ఎవరు చేయవచ్చు, ఎలా దరఖాస్తు చేయాలి

ఆఫీసు స్లాక్‌కు అడ్మిన్‌గా ఉన్నవాళ్లను ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు అడుగుతారు: "పాత చాట్ అంతా తీసి ఇవ్వండి." అడ్మిన్ కదా, అన్నీ కనిపిస్తాయని అడిగేవాళ్ల నమ్మకం. కొత్తగా అడ్మిన్ అయినవాళ్లు కూడా అలాగే అనుకుంటారు. కానీ తాను సభ్యుడు కాని ప్రైవేట్ ఛానెల్‌ను స్లాక్‌లో అడ్మిన్ తెరవలేడు. ఇద్దరి మధ్య నడిచిన డైరెక్ట్ మెసేజ్‌లనూ చదవలేడు. ఎక్స్‌పోర్ట్ చేసినా ఇదే పరిస్థితి. అందులో ఏమేం వస్తాయనేది మీ కంపెనీ ఏ ప్లాన్‌లో ఉంది, ఓనర్ దరఖాస్తుకు స్లాక్ ఒప్పుకుందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఎవరికి ఏ హక్కు ఉంది

మామూలు సభ్యులకు, గెస్ట్‌లకు వర్క్‌స్పేస్ ఎక్స్‌పోర్ట్ చేసే వీలు లేదు. వర్క్‌స్పేస్ ఓనర్లు, అడ్మిన్లు మాత్రమే చేయగలరు. ఉచిత ప్లాన్‌లో గానీ ప్రో ప్లాన్‌లో గానీ వాళ్లకు నేరుగా దొరికేది పబ్లిక్ ఛానెళ్ల చరిత్ర ఒక్కటే. దానికి దరఖాస్తు అక్కర్లేదు, బటన్ నొక్కితే చాలు.

ప్రైవేట్ ఛానెళ్లు, డైరెక్ట్ మెసేజ్‌లు కూడా కావాలంటే అది వేరే దారి. బిజినెస్ ప్లస్ ప్లాన్‌లో ఉంటే వర్క్‌స్పేస్ ఓనర్ స్లాక్‌కు దరఖాస్తు పెట్టుకోవాలి. ఇక్కడ అడ్మిన్ హోదా సరిపోదు. ఉద్యోగులతో కుదుర్చుకున్న ఒప్పందాలు, కంపెనీ పాలసీ, స్థానిక చట్టం ఇందుకు అనుమతిస్తున్నాయని చూసుకునే బాధ్యత కంపెనీదే. ఒకసారి ఆమోదం వచ్చాక అన్ని సంభాషణలనూ ఎక్స్‌పోర్ట్ చేసుకునే వీలు అదే పేజీలో తెరుచుకుంటుంది.

ఉచిత, ప్రో ప్లాన్లలో ఉన్నవాళ్లకూ తలుపు పూర్తిగా మూసుకోలేదు, కానీ చాలా ఇరుకు. కోర్టు ఉత్తర్వు లాంటి చట్టపరమైన ప్రక్రియ ఉండాలి, లేదా సభ్యుల సమ్మతి ఉండాలి, లేదా చట్టం ప్రకారం ఆ డేటా పొందాల్సిన అవసరమో హక్కో ఉందని చూపాలి. ఆ ఆధారంతో ఓనర్ స్లాక్‌కు రాస్తే పరిశీలిస్తారు. "మా మేనేజర్‌కు కావాలట" అంటే అది కారణం కాదు.

పబ్లిక్ ఛానెళ్లకు చేయాల్సింది

కంప్యూటర్‌లో బ్రౌజర్ తెరిచి ఓనర్ లేదా అడ్మిన్ అకౌంట్‌తో లాగిన్ కండి. తర్వాత ఈ చిరునామాకు వెళ్లండి:

```
https://my.slack.com/services/export
```

మెనూల ద్వారా వెళ్లాలంటే ఎడమ పక్కన పైనున్న వర్క్‌స్పేస్ పేరు నొక్కి, సెట్టింగ్స్‌లోకి వెళ్లి, `Import/Export Data` ఎంచుకోవాలి. మెనూల పేర్లు అప్పుడప్పుడూ మారుతుంటాయి కాబట్టి పై చిరునామానే సులువు. `Export` ట్యాబ్‌లో తేదీల పరిధి ఎంచుకుని `Start Export` నొక్కండి. ఫైలు వెంటనే రాదు. సిద్ధమయ్యాక మెయిల్ వస్తుంది, అప్పుడు అదే పేజీకి తిరిగి వెళ్లి జిప్ ఫైలు దింపుకోవాలి. వర్క్‌స్పేస్ పాతదైతే ఎక్కువసేపు పడుతుంది. మెయిల్ రాలేదని మళ్లీ మళ్లీ నొక్కకండి.

ఉచిత ప్లాన్ వాళ్లకు ఒక హెచ్చరిక. అందులో 90 రోజులు దాటిన మెసేజ్‌లు కనిపించవు. 2024 ఆగస్టు 26 నుంచి అయితే ఏడాది దాటిన వాటిని స్లాక్ శాశ్వతంగా తుడిచేస్తోంది. అలా పోయినవి తర్వాత డబ్బు కట్టినా, ఏ హోదాతో ఎక్స్‌పోర్ట్ చేసినా రావు.

ఒక ఉదాహరణ

హైదరాబాద్‌లో పన్నెండు మంది ఉన్న చిన్న కంపెనీ అనుకుందాం. ప్రో ప్లాన్. ఒక క్లయింట్‌తో బిల్లు తగాదా వచ్చింది, 2024 జూన్‌లో ఒప్పుకున్న రేటు ఎంతో చూపాలి. అడ్మిన్ ఎక్స్‌పోర్ట్ చేసి జిప్ విప్పాడు. ఛానెల్‌కో ఫోల్డర్, ఒక్కో ఫోల్డర్‌లో రోజుకో ఫైలు, బయట `channels.json`, `users.json` ఉన్నాయి. కానీ రేట్ల గురించి మాట్లాడుకున్న ఛానెల్ ఫోల్డరే లేదు. ఎక్కడా ఎర్రర్ రాలేదు, ఎక్స్‌పోర్ట్ సక్రమంగా పూర్తయిందనే మెయిల్ వచ్చింది. టెన్షన్ పెట్టేది ఇదే, లోపం ఉన్నట్టు స్లాక్ ఎక్కడా చెప్పదు.

తేల్చుకునే పద్ధతి సులువు. అన్ని సంభాషణలతో వచ్చిన ఎక్స్‌పోర్ట్ అయితే జిప్‌లో మరో మూడు ఫైళ్లు ఉంటాయి: ప్రైవేట్ ఛానెళ్లకు `groups.json`, ఇద్దరి మధ్య మెసేజ్‌లకు `dms.json`, గుంపు మెసేజ్‌లకు `mpims.json`. అవి లేవంటే మీ దగ్గరున్నది పబ్లిక్ ఛానెళ్ల ఎక్స్‌పోర్ట్ మాత్రమే. ఆ రేట్ల ఛానెల్ ప్రైవేట్ అన్నమాట.

ఇప్పుడు ఏం చేయాలి? ఆ ఛానెల్‌లో ఉన్నవాళ్లనే ఆ నెల మెసేజ్‌లు వెతికి ఇవ్వమని అడగడం మొదటి దారి. చాలాసార్లు దాంతోనే పని అయిపోతుంది. ఛానెల్‌ను పబ్లిక్‌గా మార్చి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయడం రెండోది. ఆ హక్కు ఎవరికి ఇచ్చారో వర్క్‌స్పేస్ సెట్టింగుల్లో చూసుకోవాలి. దీనికి నేను తొందరపడవద్దనే అంటాను. మార్చిన మరుక్షణం పాత చరిత్ర మొత్తం ఆఫీసులో అందరికీ తెరుచుకుంటుంది, జీతాల గురించిన ముచ్చట్లతో సహా. అందులో ఉన్నవాళ్లను అడగకుండా చేయకూడదు. తగాదా కోర్టుదాకా వెళ్తే మాత్రం ఉత్తర్వు చూపి ఓనర్ చేత స్లాక్‌కు రాయించడమే సరైన మార్గం.

జిప్ విప్పాక

మెసేజ్‌లు జేసన్ రూపంలో ఉంటాయి. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఇలా కనిపిస్తుంది:

```json
{
  "user": "U04AB12CD",
  "text": "సరే, ఈ రేటుకే",
  "ts": "1718000000.000100",
  "thread_ts": "1717999000.000200"
}
```

`user` దగ్గర పేరు కాక ఐడీ ఉంటుంది. అది ఎవరిదో `users.json`లో వెతకాలి. `ts` అంటే 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లు. పై అంకె మన సమయంలో 2024 జూన్ 10, ఉదయం 11:43. `thread_ts` ఉంటే అది ఒక థ్రెడ్‌కు చెందిన మెసేజ్. అసలు మెసేజ్ `ts`, జవాబు `thread_ts` ఒకటే అయి ఉంటాయి. సోమవారం మెసేజ్‌కు గురువారం జవాబిస్తే ఆ జవాబు గురువారం ఫైల్లో ఉంటుంది, కాబట్టి ఒక్క రోజు ఫైలు చూసి "జవాబే లేదు" అని తేల్చేయకండి.

ఎవరైనా తుడిచేసిన మెసేజ్‌లు మామూలుగా రావు. తుడిచినవీ మార్చినవీ దాచి ఉంచమని ముందే సెట్టింగ్ పెట్టి ఉంటేనే వస్తాయి. ఇవాళ ఆ సెట్టింగ్ పెట్టి నిన్న పోయినదాన్ని వెనక్కి తెచ్చుకోలేరు.

ఛానెల్‌లో పంపిన పీడీఎఫ్‌లు, ఫొటోలు జిప్‌లో ఉండవు, వాటి లింకులే ఉంటాయి. ఆ లింకుల చివర `xoxe-` అని మొదలయ్యే టోకెన్ ఉంటుంది. దానివల్ల లాగిన్ లేకుండానే ఫైలు తెరుచుకుంటుంది. అందుకే ఈ జిప్‌ను వాట్సాప్‌లో ఎవరికీ పంపకండి. బిల్లు తగాదాకు కావాల్సిన నాలుగు మెసేజ్‌లు వేరు చేసి, వాటి `ts`తో సహా వకీలుకు ఇస్తే చాలు.