పప్పు నడుమ కూడా వేడెక్కాలంటే
ఫ్రిజ్‌లో గట్టిపడిన పప్పును మైక్రోవేవ్‌లో పూర్తి పవర్‌లో పెడితే అంచులు చిటపటమని చిందుతాయి, నడుమ చల్లగానే ఉంటుంది. తరంగాలు పైనుంచి రెండు మూడు సెంటీమీటర్ల మేరకే బలంగా పనిచేస్తాయి. అక్కడి నుంచి వేడి మెల్లగా లోపలికి పాకాలి. అందుకే పవర్ 50 శాతానికి తగ్గించండి. చాలా ఓవెన్లలో సగం పవర్ అంటే కాసేపు పూర్తిగా పనిచేసి కాసేపు ఆగడమే. హోరు మారడం వింటే తెలుస్తుంది. ఆ విరామంలోనే వేడి సర్దుకుంటుంది. పప్పును అంచులకు జరిపి నడుమ గుంట చేయండి, మధ్యలో ఒకటి రెండుసార్లు కలపండి.

గడ్డకట్టిన కూరకు ముందు డీఫ్రాస్ట్ వాడండి. మంచుకంటే కరిగిన నీరే త్వరగా వేడెక్కుతుంది కనుక ఎక్కువ పవర్‌లో అంచులు ఉడికిపోతాయి. పాలకూ సగం పవరే, గిన్నె సగమే నింపండి. అన్నానికి మాత్రం చెంచాడు నీళ్లు చల్లి, మూత వదులుగా పెట్టి, పూర్తి పవర్ ఇవ్వండి.