ఉద్యోగం పోయిన మొదటి నెల – 2వ పాఠం: డబ్బు ఏ తారీఖు దాకా వస్తుంది?

పోయిన పాఠంలో చివరి రోజు చేతికి తెచ్చుకోవాల్సిన వాటి గురించి చెప్పుకున్నాం: రిలీవింగ్ లెటర్, చివరి మూడు నెలల పే స్లిప్పులు, ఫారం 16, పీఎఫ్ ఖాతాకు సొంత ఫోన్ నంబరు. అవి మీ దగ్గర ఉన్నాయనుకొని ఈ పాఠం మొదలుపెడుతున్నాను. ఈసారి పనులు మూడు. మీ డబ్బు ఏ తారీఖు దాకా వస్తుందో లెక్కకట్టాలి. ఆ తారీఖు ఇంట్లో చెప్పాలి. ఆ తర్వాతే తెలిసినవాళ్లకు మెసేజీలు పెట్టాలి. ఈ వరస మార్చకండి. లెక్క తేలకముందే ఫోన్లు చేస్తే మన గొంతులో కంగారు అవతలివాళ్లకు వినిపిస్తుంది. బెంగళూరులో పదేళ్లు హెచ్‌ఆర్‌లో పనిచేసి అలాంటి ఫోన్లు ఎన్నో ఎత్తినదాన్ని కాబట్టి చెబుతున్నాను.

మా చిన్నాయన కొడుకు సంగతి ఉదాహరణగా తీసుకుంటాను, తన అనుమతితోనే. బెంగళూరులో టెస్టింగ్ ఇంజినీరు, ఒకే కంపెనీలో ఆరేళ్ల రెండు నెలల సర్వీసు. జూన్ 3న టీమ్ మొత్తాన్ని తీసేశారు. నోటీసు కింద నెలాఖరు దాకా జీతం ఇచ్చారు. భార్యను, మూడేళ్ల పాపను తీసుకొని అనంతపురం వచ్చేశాడు. ఇంట్లో మాత్రం "వర్క్ ఫ్రమ్ హోమ్ ఇచ్చారు" అన్నాడు. రోజూ పొద్దున తొమ్మిదికి ల్యాప్‌టాప్ తెరిచి తలుపేసుకొని కూర్చునేవాడు. ఐదో రోజు రాత్రి మా ఇంటికొచ్చి, "అక్కా, నాకు నిద్ర పట్టడం లేదు" అన్నాడు. నేను ఓదార్చలేదు. పాత నోటుబుక్కు ఒకటి తెచ్చి ముందు పెట్టాను.

మొదటి లెక్క: చేతిలో ఉన్నది మాత్రమే

పేజీకి ఎడమ పక్కన, ఈ రోజు కావాలంటే ఈ రోజే తీయగల డబ్బు రాయండి. తమ్ముడికి సేవింగ్స్ ఖాతాలో 1,38,000, ఫిక్స్‌డ్ డిపాజిట్ 1,00,000, మొత్తం 2,38,000 రూపాయలు. కంపెనీ నుంచి రావాల్సిన సెటిల్‌మెంటు ఇందులో రాయకూడదు. ఖాతాలో పడ్డాకే అది డబ్బు. బెంగళూరు ఇంటి అడ్వాన్సూ అంతే. పీఎఫ్ కూడా ఈ నెలకు లేదనే అనుకోండి. ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే పన్ను పడవచ్చు, అది ఒక కారణం. చేతిలోకి వచ్చిన పెద్ద మొత్తం చూసి ఖర్చు తగ్గించుకోవాలన్న పట్టుదల సడలిపోతుంది, అది ఇంకా పెద్ద కారణం. అమ్మ గాజులు తాకట్టు పెట్టే మాట అసలు ఈ పేజీలోకే రాకూడదు.

కుడి పక్కన నెల ఖర్చు. తమ్ముడిది ఇలా వచ్చింది: బెంగళూరు ఇంటి బాడుగ 19,000, పర్సనల్ లోన్ ఈఎంఐ 11,400, అమ్మానాన్నలకు పంపేది 8,000, సరుకులు, కరెంటు, ఫోన్లు 13,000, చీటీ 5,000, బయటి తిండి, పెట్రోలు, ఓటీటీలు 4,600. మొత్తం 61,000.

2,38,000ను 61,000తో భాగిస్తే మూడు నెలల ఇరవై ఏడు రోజులు. జూన్ ఖర్చు జూన్ జీతంతో గడిచిపోతుంది. కాబట్టి జూలై 1 నుంచి లెక్కపెడితే డబ్బు అక్టోబరు 27కు అయిపోతుంది. ఆ తారీఖు రాసి గుండ్రంగా చుట్టాను. వాడు దాన్ని చాలాసేపు చూశాడు. "నేను ఒక నెలకు కూడా రాదనుకున్నా అక్కా" అన్నాడు.

ఇప్పుడు రెండోసారి లెక్కకట్టాలి. ఈసారి కోత పెడుతూ. సొంత ఇంట్లోనే ఉన్నాడు కాబట్టి అమ్మానాన్నలకు విడిగా పంపే 8,000 ఆగుతుంది. సరుకులు వగైరా 7,000కు దిగుతాయి. చివరి వరసలోని 4,600లో 1,600 చాలు. అంటే 44,000. దానికి ఆరోగ్య బీమా కోసం 2,000 కలిపాం, మొత్తం 46,000. ఐదు నెలలకు 2,30,000. కొత్త తారీఖు నవంబరు 30, పైన ఇంకో 8,000 మిగులు.

ఆరోగ్య బీమా ఎందుకు కలిపామో చెప్పాలి. కంపెనీ ఇచ్చే గ్రూప్ పాలసీ సాధారణంగా చివరి పనిదినంతో ఆగిపోతుంది. అది ఆగేలోపే అదే బీమా కంపెనీకి రాసి సొంత పాలసీగా మార్చమని అడగవచ్చు. అలా మారితే పాత రోగాల వెయిటింగ్ పీరియడ్‌లో ఇప్పటికే గడిచిన కాలం మనకు లెక్కలోకి వస్తుంది. గడువు దాటాక కొత్తగా తీసుకుంటే మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.

కోయకూడనివి రెండున్నాయి. ఒకటి ఈఎంఐ. రాబోయే నెల కట్టలేమని తెలిస్తే తప్పకముందే బ్యాంకుకు వెళ్లి మాట్లాడండి, చెక్కు బౌన్సయ్యాక వెళ్తే వాళ్లు వినే తీరే మారిపోతుంది. రెండోది చీటీ. తమ్ముడు ఇంకా పాడుకోలేదు. "ఇప్పుడు పాడేస్తే లక్షన్నర వస్తుంది కదా" అన్నాడు. వస్తుంది, కానీ ఎక్కువ తగ్గించి పాడాలి, ఆ తర్వాత కూడా నెలనెలా కట్టాలి, పైగా పాడినవాడి దగ్గర జామీను అడుగుతారు, జీతం స్లిప్పు అడుగుతారు. అందుకే ఆ ఆలోచన సెప్టెంబరుకు వాయిదా వేశాం. క్రెడిట్ కార్డు సంగతి ఒక్క మాటలో: మినిమమ్ డ్యూ కట్టి మిగతాది తోసేస్తే చాలా కార్డుల మీద వడ్డీ నెలకు మూడు శాతం పైనే. కార్డును బీరువాలో పెట్టించాను.

సెటిల్‌మెంటు కాగితం చదవడం

ఇక్కడే చాలామంది నష్టపోతారు. కంపెనీ పంపిన సెటిల్‌మెంటు షీటు తమ్ముడు తెరిచి కూడా చూడలేదు. నేను చూస్తే నోటీసు జీతం ఉంది, వాడని 18 రోజుల సెలవుల డబ్బు 21,600 ఉంది, గ్రాట్యుటీ గడిలో సున్నా ఉంది. ఐదేళ్లు నిండినవాళ్లకు గ్రాట్యుటీ చట్టం ప్రకారం హక్కు. లెక్క ఇదీ:

```
చివరి బేసిక్ × 15 ÷ 26 × పూర్తయిన ఏళ్లు
36,000 × 15 ÷ 26 × 6 = 1,24,615
```

డీఏ ఉంటే బేసిక్‌కు కలపాలి. ఆరేళ్ల పైన మిగిలిన రెండు నెలలు ఇందులో లెక్కకు రావు, ఆరు నెలలు దాటి ఉంటే ఏడో ఏడుగా తీసుకునేవారు. కోపం లేకుండా, ఈ లెక్కను చూపిస్తూ మెయిల్ రాశాడు. తొమ్మిదో రోజుకు సవరించిన షీటు వచ్చింది. సెలవుల డబ్బు, గ్రాట్యుటీ కలిపి 1,46,215. ఇది ఖాతాలో పడిన రోజు నవంబరు 30ని ఫిబ్రవరి చివరికి జరుపుకోవచ్చు, అంతవరకు జరపకూడదు.

పీఎఫ్ పోర్టల్‌లో కంపెనీ `Date of Exit` వేసిందో లేదో కూడా చూసుకోండి. వేయకపోతే ముందు వాళ్లనే అడగండి. చివరి చందా పడిన రెండు నెలల తర్వాత `Manage` కింద `Mark Exit`తో మనమే వేసుకునే వీలుంది.

ఇంట్లో చెప్పడం

"పని పోయింది" అని మాత్రమే చెబితే ఇంట్లోవాళ్లకు భయం మిగులుతుంది. తారీఖుతో చెబితే ఒక హద్దు దొరుకుతుంది. ఆరో రోజు పొద్దున చిన్నాయన "ఏమ్రా, మీ ఆఫీసు ఎప్పుడు తెరుస్తారు?" అని అడిగినప్పుడు తమ్ముడు నోటుబుక్కు తెచ్చి చూపించాడు. "నాయనా, కంపెనీ టీమ్‌నంతా తీసేసింది. నవంబరు దాకా ఇల్లు గడవడానికి డబ్బుంది. అంతలోపల నేను రోజూ ఇన్ని గంటలు పని వెతుకుతా" అన్నాడు. చిన్నాయన అడిగింది ఒకటే: "లోన్ ఎంతుంది?" అది కూడా పేజీలో ఉంది. దాచిపెట్టిన ఐదు రోజులూ పట్టని నిద్ర ఆ రాత్రి పట్టింది.

అందరికీ అంత త్వరగా పట్టదు. రెండు వారాలు దాటినా నిద్ర లేకపోతే, తిండి సహించకపోతే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలి మానస్ హెల్ప్‌లైన్, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. బతకడం దండగ అనిపిస్తే మాత్రం రెండు వారాలు ఆగొద్దు, అదే రోజు చేయండి.

ఎనిమిదో రోజు నుంచి: మనుషులు

ముప్పై నలభై పేర్లు రాయండి. మొదట మూడేళ్లలో మీతో కలిసి పనిచేసి వేరే కంపెనీకి వెళ్లినవాళ్లు, తర్వాత మీరు పనిచేసిపెట్టిన క్లయింట్ల వైపు మనుషులు, చివర కాలేజీ బ్యాచ్. తమ్ముడు ముందు జేఎన్‌టీయూ బ్యాచ్ గ్రూపులో పెడతానన్నాడు. వద్దన్నాను. గ్రూపులో రెండొందల మంది చూస్తారు, ఒక్కరూ తమ పని అనుకోరు. ఒక్కొక్కరికి విడిగా రాయాలి.

వాడు రాసుకున్న మొదటి మెసేజ్: "అన్నా, జాబ్ పోయింది. ఏదైనా ఓపెనింగ్ ఉంటే చెప్పన్నా, రెజ్యూమె పంపుతున్నా." ఇందులో చిక్కు "ఏదైనా" దగ్గరుంది. చదివిన మనిషికి ఏం వెతకాలో తెలియదు. "సరే తమ్ముడూ, చూస్తా" అని మర్చిపోతాడు. మేం మార్చి రాసింది ఇది:

"అన్నా, నమస్తే. జూన్ 3న మా టీమ్ మొత్తాన్ని తీసేశారు. నేను ఆరేళ్లుగా పేమెంట్ యాప్‌ల ఆటోమేషన్ టెస్టింగ్ చేస్తున్నా. జూలై 1 నుంచి వెంటనే చేరగలను. మీ కంపెనీలో టెస్టింగ్ చూసే మేనేజరు ఎవరో పేరు చెప్తారా? ఆయనతో పది నిమిషాలు మాట్లాడాలి."

అడిగింది చిన్నది, అర నిమిషంలో ఇవ్వగలిగింది. "వెంటనే చేరగలను" అన్న మాటను మాత్రం వదలొద్దు. మన ఐటీ కంపెనీల్లో మూడు నెలల నోటీసు మామూలు, రిక్రూటర్లు త్వరగా చేరేవాళ్ల కోసం విడిగా వెతుకుతారు. ఉద్యోగం పోయినవాడికి ఉన్న ఒకే ఒక్క పైచేయి అది.

రోజుకు ఐదు మెసేజీలు, వారానికి నాలుగు రోజులు. జవాబు రాకపోతే వారం తర్వాత ఒకసారి గుర్తుచేయండి, మూడోసారి వద్దు. నోటుబుక్కులోనే పేరు, తారీఖు, ఏం జవాబొచ్చింది, మళ్లీ ఎప్పుడు అని నాలుగు గడులు గీసుకోండి. తమ్ముడు జూన్ 10న మొదలుపెట్టి నెలాఖరుకు 38 మందికి రాశాడు. 17 మంది జవాబిచ్చారు, ఆరుగురు ఫోన్లో మాట్లాడారు, రెండు ఇంటర్వ్యూలు వచ్చాయి. ఆ రెండూ వాడు "ఈయన గుర్తుపట్టడులే" అనుకున్న పాత క్లయింట్ వైపు మనిషి నుంచి వచ్చినవే.

ఈలోగా ఒక ఫోన్ వచ్చింది: ఆఫర్ లెటర్ సిద్ధంగా ఉంది, రిజిస్ట్రేషన్‌కు 4,500 కట్టమని. ఉద్యోగానికి ముందే డబ్బు అడిగితే అది మోసమే, ఇందులో రెండో ఆలోచన లేదు. పొరపాటున కట్టేసి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

వచ్చే పాఠంలోపు చేయాల్సింది

ఈ రోజు రాత్రి రెండు లెక్కలూ వేసి రెండు తారీఖులు రాయండి. సెటిల్‌మెంటు షీటులో సెలవులు, గ్రాట్యుటీ గడులు చూడండి. నలభై పేర్లలో మొదటి ఐదుగురికి మెసేజ్ రాసి, పంపే ముందు "ఏదైనా" అన్న మాట ఎక్కడుందో వెతికి కొట్టేయండి. వచ్చే పాఠంలో "ఎందుకు తీసేశారు?" అన్న ఇంటర్వ్యూ ప్రశ్నకు రెండు వాక్యాల జవాబు తయారుచేద్దాం. దానికి నోటుబుక్కులో ఒక పేజీ ఖాళీగా ఉంచండి.