స్టేట్‌మెంట్‌లో తెలియని ₹40: ఇలా తేల్చాను

బ్యాంకు స్టేట్‌మెంట్‌లో తెలియని ₹40 కనిపించింది. లైన్ ఇలా ఉంది (నంబర్లు మార్చాను):

```
UPI/DR/412345678901/SRI LAKS/YESB/q123456789
```

DR అంటే డెబిట్. YESB డబ్బు అందుకున్న బ్యాంకు కోడ్, అంతేగాని మన ఖాతాకు సంబంధించింది కాదు. చాలామంది ఇక్కడే టెన్షన్ పడతారు. పేరు మధ్యలో తెగిపోయింది కాబట్టి దాన్ని వెతికి లాభం లేదు. పట్టుకోవాల్సింది 12 అంకెల రిఫరెన్స్ నంబరు.

ఫోన్‌పేలో ఆ తేదీ చూస్తే ఏమీ లేదు. కానీ అదే ఖాతా గూగుల్‌పేకి కూడా లింకై ఉంది. ఏ యాప్ హిస్టరీలో ఆ యాప్‌తో కట్టినవే ఉంటాయి. గూగుల్‌పేలో ₹40 లావాదేవీ తెరిస్తే UPI transaction ID సరిగ్గా అదే. పూర్తి పేరు ఏదో ఎంటర్‌ప్రైజెస్, సమయం ఉదయం 8:50. అప్పుడు నేను కూకట్‌పల్లిలో ఒక టిఫిన్ బండి దగ్గరున్నాను. బోర్డు మీద పేరు వేరు, క్యూఆర్ యజమాని సంస్థ పేరు మీద ఉంది. మర్నాడు బండి అన్నను అడిగితే, "అవును, మాదే" అన్నాడు.

ఏ యాప్‌లోనూ ఆ నంబరు దొరక్కపోతే, అదే ఖాతా వాడే ఇంట్లోవాళ్లను అడగండి. వాళ్లూ కాదంటే చిన్న మొత్తమే కదా అని వదలకుండా ఆ రోజే బ్యాంకుకు చెప్పి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.